రద్దయిన టికెట్ క్లెయిమ్: ఏ అంకె కోసం ఏ కాగితం చూడాలి

ప్రయాణం పూర్తయిన టికెట్‌ని క్లెయిమ్‌లో వేయడం తేలిక. కట్టిన మొత్తం ఒకటే, దానికి రుజువూ ఒకటే. టికెట్ రద్దయితేనే చిక్కు మొదలవుతుంది. కట్టిన డబ్బులో కొంత వెనక్కి వస్తుంది, కొంత రాదు. రానిదాంట్లో ఎయిర్‌లైన్ లేదా రైల్వే పట్టుకున్నది ఎంత, బుకింగ్ సైట్ పట్టుకున్నది ఎంత, జీఎస్‌టీ కింద పోయింది ఎంత అని అకౌంట్స్ వాళ్లు విడివిడిగా అడుగుతారు. మన చేతిలో ఉండేది ఫోన్‌లో తీసిన ఒక స్క్రీన్‌షాట్.

ఆ ఒక్క బొమ్మలో ఈ అంకెలన్నీ దొరకవు. మూల ధర ఒక కాగితంలో, అసలు జీఎస్‌టీ మరోదాంట్లో, రద్దు ఛార్జీ ఇంకోదాంట్లో ఉంటాయి. కాబట్టి ముందు తేల్చుకోవాల్సింది ఏ అంకెకు ఏ కాగితాన్ని నమ్మాలన్నది. దాన్ని ఎలా చదవాలన్నది ఆ తర్వాతి సంగతి.

విమానం టికెట్: మూడు కాగితాలు

బుకింగ్ సైట్‌లో కొన్న టికెట్‌కి సాధారణంగా మూడు కాగితాలు ఉంటాయి. మొదటిది సైట్ పంపే ఈ-టికెట్. రెండోది ఎయిర్‌లైన్ ఇచ్చే జీఎస్‌టీ ఇన్‌వాయిస్. మూడోది తన ఫీజు కోసం సైట్ ఇచ్చే ఇన్‌వాయిస్. క్లెయిమ్‌కి చాలామంది మొదటిది ఒక్కటే పెడతారు, తప్పులు ఎక్కువగా పుట్టేదీ అక్కడే.

ఒక లెక్క తీసుకుందాం. అంకెలు వివరించడానికి వేసుకున్నవే. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి ఒక మనిషికి ఎకానమీ టికెట్. సైట్ పంపిన ఈ-టికెట్‌లో ఇలా ఉంది: మూల ధర 4,600, పన్నులు-సర్‌ఛార్జీలు 1,600, కన్వీనియన్స్ ఫీజు 354, తగ్గింపు 200, మొత్తం 6,354 రూపాయలు.

ఈ బొమ్మ చూసి పన్ను గడిలో 1,600 వేసేస్తారు. కానీ అందులో జీఎస్‌టీ 250 మాత్రమే. మిగతాదాంట్లో 400 ఎయిర్‌లైన్ వేసిన ఇంధన ఛార్జీ. 950 విమానాశ్రయ రుసుములు, అంటే యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు, విమానయాన భద్రతా రుసుము లాంటివి. సైట్ ఈ మూడింటినీ ఒకే వరుసలో కలిపేసింది. టికెట్‌లో పన్ను కోడ్‌లు విడిగా ఉంటే వాటితోనే తేల్చవచ్చు. K3 అంటే జీఎస్‌టీ. YQ, YR అంటే ఎయిర్‌లైన్ స్వయంగా వేసిన ఛార్జీలు, వీటిని పన్ను గడిలో వేయకూడదు.

కోడ్‌లు లేకపోతే ఎయిర్‌లైన్ జీఎస్‌టీ ఇన్‌వాయిస్ చూడటమే దారి. మన లెక్కకి అందులో `Taxable Value` 5,000, జీఎస్‌టీ 250, పన్ను పడని విలువ 950, మొత్తం 6,200 అని ఉంటుంది. ఈ-టికెట్‌లో 4,600 ఉన్న ధర ఇక్కడ 5,000 అయిందేమిటని కంగారు పడనక్కర్లేదు. ఇంధన ఛార్జీ మీద కూడా జీఎస్‌టీ పడుతుంది కాబట్టి ఇన్‌వాయిస్ ఆ 400ని మూల ధరతో కలిపి చూపిస్తుంది. రెండు అంకెలూ సరైనవే. మీ ఆఫీసు ఫారంలో ఇంధన ఛార్జీకి వేరే గడి ఉంటే 4,600, 400 అని విడదీయండి. లేకపోతే 5,000 అని వేయండి.

ఇన్‌వాయిస్ దొరకలేదని కొందరు మొత్తం 6,200ని 105తో భాగించి 5తో హెచ్చిస్తారు. అలా చేస్తే జీఎస్‌టీ 295.24 వస్తుంది, అది తప్పు. ఎయిర్‌లైన్ వేసే ఈ 5 శాతం మూల ధర, ఇంధన ఛార్జీ మీదే తప్ప విమానాశ్రయ రుసుముల మీద కాదు. బిజినెస్ క్లాస్ అయితే శాతమే మారుతుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఎకానమీ కాని తరగతులకు 18 శాతం, అంతకుముందు 12. పాత తేదీ టికెట్‌ని ఇప్పుడు సరిచూస్తుంటే ఈ తేడా గుర్తుంచుకోవాలి.

ఇక కన్వీనియన్స్ ఫీజు 354. ఇది ఎయిర్‌లైన్‌ది కాదు కనుక ఎయిర్‌లైన్ ఇన్‌వాయిస్‌లో వెతికినా దొరకదు. సైట్ తన సేవకు వేసిన 300, దాని మీద 18 శాతం జీఎస్‌టీ 54. దీనికి సైట్ ఇన్‌వాయిస్ వేరేగా ఉంటుంది, దాని మీద జీఎస్‌టీ నంబర్ కూడా సైట్‌దే. ఎయిర్‌లైన్ సొంత సైట్‌లో నేరుగా కొన్నప్పుడు మాత్రం ఫీజు కూడా ఎయిర్‌లైన్ బిల్లులోనే వస్తుంది.

అందుకే విమానం టికెట్ విషయంలో సలహా ఇది: జీఎస్‌టీకి ఎయిర్‌లైన్ ఇన్‌వాయిస్, ఫీజుకి సైట్ ఇన్‌వాయిస్, తగ్గింపుకీ చెల్లించిన మొత్తానికీ ఈ-టికెట్. కంపెనీ జీఎస్‌టీ క్రెడిట్ తీసుకోదనుకుంటే, ఫారంలో పన్నులన్నిటికీ ఒకే గడి ఉంటే, ఈ-టికెట్ ఒక్కటే చాలు. ఆ పరిస్థితిలో ఇన్‌వాయిస్‌ల కోసం రోజులు పాడు చేసుకోవద్దు.

అదే టికెట్ రద్దయితే

ప్రయాణం రద్దయింది. ఎయిర్‌లైన్ రద్దు ఛార్జీ 3,000, దాని మీద 5 శాతం జీఎస్‌టీ 150, వెరసి 3,150. ఎయిర్‌లైన్ వెనక్కి ఇచ్చేది 6,200లోంచి 3,150 తీసేస్తే మిగిలే 3,050. ఈ 3,050 ఎయిర్‌లైన్ ఇచ్చే క్రెడిట్ నోట్‌లో విడిగా కనిపిస్తుంది: పన్ను పడే విలువ 2,000, జీఎస్‌టీ 100, విమానాశ్రయ రుసుములు 950.

కానీ బ్యాంకు ఖాతాలో పడింది 2,496. తేడా 554 ఎటు పోయింది? సైట్ తన రద్దు సేవకు మరో 300, జీఎస్‌టీతో 354 కోసుకుంది. కొన్నప్పుడు ఇచ్చిన 200 తగ్గింపుని కూడా వెనక్కి తీసుకుంది. ఈ రెండూ క్రెడిట్ నోట్‌లో ఉండవు. సైట్ చూపించే రీఫండ్ వివరాల తెరమీదే ఉంటాయి, అందుకే ఆ తెర స్క్రీన్‌షాట్ తప్పక తీసి పెట్టుకోవాలి. మొదట కట్టిన కన్వీనియన్స్ ఫీజు 354 ఎలాగూ రాదు.

ఇప్పుడు లెక్క కుదిరిందో లేదో చూడాలి.

```
చెల్లించింది            6,354
రీఫండ్                 2,496
నికర ఖర్చు             3,858

ఎయిర్‌లైన్ రద్దు ఛార్జీ    3,000 + 150
కన్వీనియన్స్ ఫీజు         300 +  54
సైట్ రద్దు ఫీజు           300 +  54
మొత్తం                 3,600 + 258 = 3,858
```

పైన వచ్చిన నికర ఖర్చు, కింద విడదీసిన మొత్తం పైసాతో సహా ఒకటే కావాలి. తగ్గింపు 200 ఈ చివరి విభజనలో ఎక్కడా లేదు. వచ్చినట్టే వచ్చి పోయింది కాబట్టి దానికి గడి అక్కర్లేదు. సైట్ తగ్గింపుని వెనక్కి తీసుకోకపోతే మాత్రం నికర ఖర్చు 3,658 అవుతుంది, అప్పుడు విభజనలో మైనస్ 200 చూపించాలి. లెక్క సరిగ్గా తగ్గింపు మొత్తం మేర తేడా వస్తే ముందుగా ఇక్కడే చూడండి.

జీఎస్‌టీ క్రెడిట్ తీసుకునే కంపెనీకి ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. ఎయిర్‌లైన్ ఇన్‌వాయిస్‌లోని 250 మొత్తాన్నీ పెట్టుకుంటే తప్పు. క్రెడిట్ నోట్ 100 వెనక్కి తీసుకుంది, మిగిలింది 150. ఇన్‌వాయిస్ బొమ్మ జతచేసి క్రెడిట్ నోట్ వదిలేసే క్లెయిమ్‌లన్నిటిలో ఈ తప్పు దాగి ఉంటుంది.

రీఫండ్ సరిగ్గా వచ్చిందా అన్నది చూడటానికి ఒక హద్దు ఉంది. డీజీసీఏ నిబంధన ప్రకారం రద్దు ఛార్జీ మూల ధర, ఇంధన ఛార్జీ కలిపిన మొత్తాన్ని మించకూడదు. చట్టబద్ధమైన పన్నులు, విమానాశ్రయ రుసుములు ప్రయాణికుడికి వెనక్కి ఇవ్వాలి, ప్రమోషన్ ధరకి కొన్నా, విమానం ఎక్కకపోయినా సరే. మన టికెట్‌లో రుసుములు 950 కాబట్టి ‘రీఫండ్ సున్నా’ అని ఎవరైనా రాస్తే, టికెట్ తిరిగి చెల్లింపు లేని రకమే అయినా, దాన్ని అలాగే ఒప్పుకోవద్దు. ఎయిర్‌లైన్‌నో సైట్‌నో మళ్లీ అడగమనండి.

రైలు టికెట్: ఒక కాగితమే, కానీ రెండు చేతులు

ఐఆర్‌సీటీసీ టికెట్ చదవడం కాస్త తేలిక. ఈఆర్‌ఎస్ అనే స్లిప్‌లోనే టికెట్ ధర, కన్వీనియన్స్ ఫీజు, బీమా ప్రీమియం, మొత్తం వరుసగా ఉంటాయి. కింది భాగంలో జీఎస్‌టీ వివరాలు, `Taxable Value` ఉంటాయి. టికెట్ ధర అన్న అంకెలోనే రిజర్వేషన్ ఛార్జీ, సూపర్‌ఫాస్ట్ ఛార్జీ, ఏసీ అయితే 5 శాతం జీఎస్‌టీ కూడా కలిసి ఉంటాయి. జీఎస్‌టీ కలవని ధర కావాలంటే పైనున్న టికెట్ ధర తీసుకోకుండా కిందున్న పన్ను పడే విలువ తీసుకోవాలి.

స్లీపర్, సెకండ్ సిట్టింగ్‌లకు ఛార్జీ మీద జీఎస్‌టీ లేదు. ఏసీ, ఫస్ట్ క్లాస్‌లకే ఉంది. అలవాటుగా అన్ని రైలు టికెట్‌ల నుంచీ 5 శాతం వెనక్కి లాగితే స్లీపర్ టికెట్‌లో లేని పన్ను పుట్టుకొస్తుంది. స్లీపర్‌కి కూడా కన్వీనియన్స్ ఫీజు మీద మాత్రం 18 శాతం ఉంటుంది, ఆ ఫీజు ఐఆర్‌సీటీసీది, ఛార్జీ రైల్వేది. ఇద్దరు వేర్వేరు సరఫరాదారులు కాబట్టి ఈ రెండు జీఎస్‌టీలనూ కలిపి ఒకే గడిలో వేయకూడదు.

ఫీజు చదవడంలో తప్పు పడే అవకాశం తక్కువ, ఎందుకంటే దాని విలువలు నిర్ణీతమైనవి. 2019 సెప్టెంబర్‌లో ఈ ఫీజుని మళ్లీ వసూలు చేయడం మొదలుపెట్టినప్పుడు పెట్టిన లెక్క ప్రకారం ఏసీకి 30, మిగతావాటికి 15, యూపీఐతో కడితే 20, 10. జీఎస్‌టీ కలిపితే 35.40, 17.70, 23.60, 11.80. ఎంతమంది ప్రయాణికులున్నా టికెట్‌కి ఒక్కసారే. విమానంలో చాలావరకు మనిషికీ ప్రయాణానికీ లెక్కగట్టి వేస్తారు కాబట్టి అక్కడి అలవాటుతో ఇక్కడ తలకింత అని హెచ్చించకండి. బొమ్మలో 35.40కి బదులు 3540 కనిపిస్తే చుక్క పోయిందని చూడగానే తెలిసిపోతుంది.

థర్డ్ ఏసీలో ఇద్దరికి టికెట్, కార్డుతో కట్టారనుకుందాం. టికెట్ ధర 2,730, ఫీజు 35.40, బీమా తలకి 45 పైసల చొప్పున 0.90, మొత్తం 2,766.30. ఇద్దరిలో ఒకరు మానుకున్నారు. ఒకరి ఛార్జీ 1,365, రద్దు స్లిప్‌లో తగ్గించిన మొత్తం 190, రీఫండ్ 1,175. నికర ఖర్చు 1,591.30. ప్రయాణించిన వారి ఛార్జీ 1,365, రద్దు ఛార్జీ 190, ఫీజు 35.40, బీమా 0.90 కలిపినా అదే వస్తుంది. రద్దు చేసినా ఫీజు, బీమా వెనక్కి రావు. రీఫండ్ లెక్క మొత్తం 2,766.30 మీద కాకుండా టికెట్ ధర మీదే నడుస్తుంది.

రద్దు ఛార్జీని నిబంధనల పట్టిక చూసి మీరే లెక్కగట్టే ప్రయత్నం చేయకండి. తరగతి, బండి రకం, ఎన్ని గంటల ముందు రద్దు చేశారు, టికెట్ కన్ఫర్మ్ అయిందా వెయిటింగ్‌లో ఉందా అన్నదాన్ని బట్టి అది మారుతుంది. నియమాలు కూడా మారుతుంటాయి. ఏసీ తరగతుల్లో రద్దు ఛార్జీ మీద కూడా జీఎస్‌టీ పడుతుంది. స్లిప్‌లో అచ్చయిన అంకె తీసుకోవడమే సరైన పద్ధతి. పాత ఈఆర్‌ఎస్ బొమ్మలో ఇప్పటికీ ఇద్దరూ ఉంటారు, మొత్తం కూడా మారదు. కాబట్టి రద్దు స్లిప్ లేకుండా ఆ బొమ్మ ఒక్కటే వస్తే క్లెయిమ్ పూర్తి కానట్టే. రీఫండ్ కోసం టీడీఆర్ అనే అర్జీ వేసిన టికెట్‌కి ఎంత వస్తుందన్నది తర్వాత తేలుతుంది, అప్పటిదాకా దాన్ని పెండింగ్‌లోనే ఉంచాలి.

కార్డు స్టేట్‌మెంట్‌లో మొత్తం ఈఆర్‌ఎస్ కంటే కొన్ని రూపాయలు ఎక్కువ కనిపిస్తే అది బ్యాంకు లేదా పేమెంట్ గేట్‌వే ఛార్జీ. అది ఈఆర్‌ఎస్‌లో అంకెగా రాదు. దాన్ని క్లెయిమ్ చేయాలంటే స్టేట్‌మెంట్ జతచేయాలి, ఛార్జీ గడిలో కలపకూడదు.

బొమ్మని చదవడం: మూడు పద్ధతులు

నెలకి పదో పదిహేనో టికెట్‌లైతే కంటితో చూసి టైపు చేయడమే మంచిది. ఒక టికెట్‌కి రెండు నిమిషాలు పడుతుంది. తప్పు జరిగినా కింద చెప్పే కూడిక పరీక్షలో దొరికిపోతుంది.

అంతకంటే ఎక్కువైతే బొమ్మ జోలికి పోకుండా అసలు పీడీఎఫ్ అడగండి. మెయిల్‌లో వచ్చిన టికెట్, ఇన్‌వాయిస్ పీడీఎఫ్‌లలో అక్షరాలు అక్షరాలుగానే ఉంటాయి. వాటిని నేరుగా బయటకి తీయవచ్చు:

```
pdftotext -layout ticket.pdf ticket.txt
```

వచ్చిన ఫైలు ఖాళీగా ఉంటే ఆ పీడీఎఫ్ లోపల ఉన్నది స్కాన్ చేసిన బొమ్మే అని అర్థం. అప్పుడే బొమ్మలోని అక్షరాలను చదివే ఓసీఆర్ అవసరం పడుతుంది. ముందు పీడీఎఫ్‌ని బొమ్మగా మార్చి, ఆ బొమ్మని చదివించాలి:

```
pdftoppm -r 300 -png -singlefile ticket.pdf ticket
tesseract ticket.png ticket -l eng --psm 6
```

ఓసీఆర్‌తో టికెట్‌లు చదివేటప్పుడు అన్నిటికంటే ప్రమాదకరమైన తప్పు రూపాయి గుర్తుతో వస్తుంది. ₹ గుర్తుని అది తరచూ 2 అనో 7 అనో చదువుతుంది. ₹1,175 కాస్తా 21,175 అయిపోతుంది. అక్షరాలు చెదిరిపోతే అనుమానం వస్తుంది. ఇక్కడ మాత్రం వచ్చేది చక్కని అంకె, చూసేవారికి అనుమానమే రాదు. రెండో తప్పు తగ్గింపు ముందున్న మైనస్ గుర్తు మాయమవడం. మూడోది పక్కపక్కన ఉన్న రెండు గడులు ఒకే వరుసగా కలిసిపోవడం, దాంతో ఒక పేరుకి పక్క గడిలోని అంకె అంటుకుంటుంది.

వాట్సాప్‌లో ఫోటోగా పంపిన టికెట్‌లో ఈ తప్పులు పెరుగుతాయి, ఎందుకంటే ఫోటోని అది కుదించేస్తుంది, చిన్న అక్షరాలు అలికినట్టవుతాయి. అదే ఫైల్‌ని డాక్యుమెంట్‌గా పంపమంటే ఉన్నది ఉన్నట్టు వస్తుంది. ఒక్క మాటతో సరిపోయే ఈ మార్పు, ఓసీఆర్ సెట్టింగులతో గంటసేపు కుస్తీ పట్టడం కంటే ఎక్కువ ఫలితమిస్తుంది.

ఏ పద్ధతిలో చదివినా రెండు పరీక్షలు పెట్టండి. ఒకటి కూడిక: భాగాలన్నీ కలిపి తగ్గింపు తీసేస్తే బొమ్మలోని మొత్తం రావాలి. ₹ గుర్తు, చుక్క, మైనస్ తప్పులు దీంతోనే బయటపడతాయి. రెండోది నిష్పత్తి: జీఎస్‌టీని పన్ను పడే విలువతో భాగిస్తే ఎకానమీకి, ఏసీ రైలుకి 0.05 రావాలి, ఫీజుని 1.18తో భాగిస్తే 300, 30 లాంటి నిండు సంఖ్య రావాలి. ఫీజు అంకె పన్ను గడిలోకి, పన్ను అంకె ఫీజు గడిలోకి మారిపోతే కూడిక పరీక్ష దాన్ని పట్టుకోలేదు, మొత్తం మారదు కదా. నిష్పత్తి పరీక్ష పట్టుకుంటుంది.

కంపెనీ జీఎస్‌టీ నంబర్ చదివేటప్పుడు దాని నిర్మాణమే సాయపడుతుంది. 15 స్థానాల్లో మొదటి రెండూ రాష్ట్రం కోడ్, తెలంగాణకి 36, ఆంధ్రప్రదేశ్‌కి 37. తర్వాతి పది పాన్ నంబర్, అంటే ఐదు అక్షరాలు, నాలుగు అంకెలు, ఒక అక్షరం. అక్షరం ఉండాల్సిన చోట 0 వస్తే అది O, అంకె ఉండాల్సిన చోట S వస్తే అది 5.

నికరంగా క్లెయిమ్ చేయాలా, మొత్తం చేసి రీఫండ్ తర్వాత చూపాలా

రీఫండ్ ఖాతాలో పడిపోయి ఉంటే నికర మొత్తమే క్లెయిమ్ చేయండి, పైన చూపిన విభజనతో. ఒక్క ఎంట్రీతో పని అయిపోతుంది. రీఫండ్ ఇంకా రాకపోతే, నెలాఖరు ముంచుకొస్తుంటే, మొత్తం 6,354 క్లెయిమ్ చేసి అదే పీఎన్ఆర్ మీద ‘రావాల్సిన రీఫండ్ 2,496’ అని రాయించండి. పీఎన్ఆర్ రాయకపోతే రెండు నెలల తర్వాత పడ్డ రీఫండ్ ఏ టికెట్‌దో ఎవరికీ తెలియదు. అదే టికెట్ స్క్రీన్‌షాట్ మరో నెలలో మళ్లీ వచ్చినా పట్టుకోవడానికి ఆధారం ఆ నంబరే.

రీఫండ్ సాధారణంగా డబ్బు ఏ కార్డు నుంచి పోయిందో ఆ కార్డుకే వస్తుంది. కంపెనీ కార్డుతో కొన్న టికెట్‌కి ఉద్యోగి క్లెయిమ్ చేసుకునేది ఏమీ ఉండదు, విభజన మాత్రం ఇవ్వాలి. కొన్నిసార్లు డబ్బు బ్యాంకుకి రాకుండా సైట్ వాలెట్‌లోకి గానీ ఎయిర్‌లైన్ క్రెడిట్‌గా గానీ చేరుతుంది. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఏమీ లేదు కదా అని రీఫండ్ సున్నాగా వేస్తే కంపెనీ 2,496 ఎక్కువ చెల్లించినట్టవుతుంది. స్టేట్‌మెంట్‌తో పాటు సైట్‌లోని రీఫండ్ స్థితి చూపించే తెర కూడా అడగండి, డబ్బు ఏ రూపంలో చేరిందో అక్కడ రాసి ఉంటుంది.